ఆయ్, అందిందండి

మొన్న రాజమండ్రి బస్టాండు బయట నిలబడి టీ తాగుతున్నాను. నా పక్కనున్నాయన ఫోనుతో డబ్బు కట్టాడు. బల్ల మీదున్న చిన్న పెట్టె "ఇరవై రూపాయలు అందాయి" అని పలికింది. టీ కాస్తున్న మనిషి తల కూడా ఎత్తలేదు. ఎత్తవలసిన పనీ లేదు. నా నోటి వెంట మాత్రం ఠక్కున "ఆయ్, అందిందండి" అని వచ్చేసింది.

అందరూ నావైపు చూశారు. ముప్ఫై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషిని, నలుగురిలో నవ్వులపాలవడం నాకు అలవాటు లేదు. గ్లాసులోకి చూస్తూ మిగతా టీ గబగబా తాగేసి బస్సెక్కాను. అమలాపురం చేరేదాకా ఆ మాట నాకు అలవాటు చేసిన మనిషే గుర్తొస్తూ ఉన్నారు.

ఆయన పేరు నాకు తెలియక కాదు. ఆ పేరుతో ఎవరైనా పిలవగా నేను వినలేదు, అంతే. మా ఊళ్ళో ఆడవాళ్ళందరికీ ఆయన మ్యాచింగు మావయ్యగారు. గడియారస్తంభం దగ్గర నుంచి లోపలికి తిరిగే సందులో, నాలుగడుగుల వెడల్పు కొట్టు. చీరకి సరిపడే జాకెట్టు ముక్కలు, లైనింగులు, ఫాల్సులు, లంగా గుడ్డలు. వెనక చిన్న గదిలో మూడు కుట్టుమిషన్లు. ముక్క కొనుక్కుంటే అక్కడే కుట్టించి ఇచ్చేవారు.

చీర తీసుకెళ్ళి బల్ల మీద పెడితే ఆయన వెంటనే ముక్కల వైపు వెళ్ళేవారు కాదు. చీర కొంగు చేత్తో పట్టుకుని, చెప్పులు వేసుకుని, రోడ్డు మధ్యకి వెళ్ళేవారు. ఆటోలు హారను కొడుతుంటే, కొబ్బరికాయల ట్రాక్టరు వాడు కసురుతుంటే, ఆయన ఎండలో కొంగు అటూ ఇటూ తిప్పి చూసుకునేవారు. "లైటు కింద రంగు అబద్ధం చెబుద్దండి టీచరుగారూ" అనేవారు తిరిగొచ్చి. ఇక ఆ రంగుకి పేరు పెట్టడం ఒకటి. మనం చిలకాకుపచ్చ అంటే ఆయన ఒప్పుకునేవారు కాదు. "ఇది అరిటి మొవ్వు రంగండి. మొవ్వు విచ్చుకున్న రెండోరోజు రంగు" అనేవారు. ఆయన దగ్గర పనసతొన రంగు ఉండేది, ఎండుకొబ్బరి రంగు ఉండేది, వరదొచ్చిన గోదారి రంగు ఉండేది. ఆ చివరిది నేను ఒకసారి గోధుమరంగు అన్నాను. ఆయన నొచ్చుకుని కొంగుని మళ్ళీ ఎండలోకి పట్టుకెళ్ళారు.

బేరం ఆడినా కోప్పడేవారు కాదు. కానీ ఆయన కొట్లో ఒక మాట మాత్రం వినపడకూడదు. "రేపు రండి" అన్న మాట. జాకెట్టు కుట్టడం కాకపోతే, "ఎల్లుండి పొద్దున్న పదింటికి ఇస్తాను" అనేవారు గానీ రేపు రండి అనేవారు కాదు. చిన్నప్పుడు ఆయన తండ్రి ఎవరి దగ్గరో గుమాస్తాగా పనిచేశారట. నెల జీతం కోసం వెళ్తే ఆ షావుకారు పది రోజులు వరసగా రేపు రమ్మన్నాడట. ఇంతకుమించి ఆ కథ నాకు తెలియదు, ఆయన చెప్పలేదు. వెనక గదిలో కుట్టే ముగ్గురికీ దసరా సీజను కూలి మొత్తం నవమి సాయంత్రం ఇవ్వడం ఆయన రివాజు. కొట్టు పెట్టినప్పటినుంచీ ఒక్క ఏడు తప్పలేదని వాళ్ళే అనేవారు.

డబ్బు చెప్పే ఆ పెట్టె వాళ్ళ అమ్మాయి పద్మ తెచ్చి పెట్టింది. పద్మ పెళ్ళయి ఊళ్ళోనే ఉంటుంది, మధ్యాహ్నాలు వచ్చి కొట్టు చూసుకుంటుంది. తండ్రికి ఎంత ఓపికో ఈ అమ్మాయికి అంత తొందర. గోడకి స్టిక్కరు అంటించి, ఫోనులో యాప్ వేసి, పెట్టెని బల్ల మీద కూర్చోబెట్టింది. మొదటిరోజు అది "మూడు వందల రూపాయలు అందాయి" అనగానే ఆయన లేచి నిలబడి "ఆయ్, అందిందండి" అన్నారు. పద్మ నవ్వితే, "నవ్వుతావేంటమ్మా, మర్యాదగా చెప్పింది కదా, మనం పలక్కపోతే బాగోదు" అన్నారు. ఆనాటి నుంచీ అంతే. రోజుకి వందసార్లు అది చెప్పడం, వందసార్లు ఈయన పలకడం. భోజనం చేస్తూ నోట్లో ముద్ద ఉంటే చెయ్యైనా ఎత్తేవారు. మేమంతా వెక్కిరించాం. కొన్నాళ్ళకి మాకూ అలవాటైపోయింది. ఆయన పలికితేనే కొనడం పూర్తయినట్టు ఉండేది.

ఇక ఆ నవమి సాయంత్రం సంగతి.

ఆయన మహర్నవమి పూజ కొట్లోనే చేసేవారు. వెనక గది గుమ్మం పక్కన అమ్మవారి పటం, దాని ముందు ఎర్రగుడ్డ పరిచిన పీట. కత్తెరలు, టేపు, ఆయన తండ్రి నాటి గజంబద్ద, అన్నిటికీ గంధం రాసి బొట్టు పెట్టి ఆ పీట మీద పెట్టేవారు. మర్నాడు దశమి పొద్దున్న ఉద్వాసన చెప్పేదాకా వాటిని ముట్టుకోకూడదు. ఆ పూట కొట్టు మూస్తారా అంటే, మూయరు. నవమి సాయంత్రమే కదా జనం విరగబడేది. కత్తెర లేదు కాబట్టి గుడ్డ అంచు పంటితో కొరికి, రెండు చేతులా పట్టుకుని జర్రున చింపి ఇచ్చేవారు. గజంబద్ద లేదు కాబట్టి ముక్కు దగ్గర నుంచి చేతి చివరిదాకా కొలిచేవారు. ఆ ఒక్కరోజూ అందరికీ అంగుళం ఎక్కువే వచ్చేది. మాలో కొందరం అందుకే నవమి దాకా ఆగేవాళ్ళం, దాచడం ఎందుకు.

ఆ ఏడు ఆయన ఫోను కూడా పీట మీద పెట్టేశారు. పద్మ వచ్చేసరికి దానికి గంధం, మూడు చోట్ల బొట్టు, పైన ఒక నందివర్ధనం పువ్వు.

"ఫోను ఎందుకు పెట్టేరు నాన్నగారూ?"

"గల్లాపెట్టె ప్రతి ఏడూ పెడతాం కదమ్మా. ఇప్పుడు గల్లాపెట్టె అదే కదా" అన్నారు.

"మరి ఈ మాట్లాడే పెట్టెని పెట్టలేదేం?"

"దానికి బొట్టు పెట్టేను. పండగపూట నోరు కట్టెయ్యకూడదని ఇక్కడే ఉంచేను."

ఆ మాటలో తప్పు పట్టడానికి లేదు. స్టిక్కరు మీద డబ్బు పడటానికి ఆయన ఫోనుతో పని లేదు. కొన్నవాళ్ళు వాళ్ళ ఫోనుతో దాని మీది గళ్ళ బొమ్మని స్కాన్ చేస్తే డబ్బు నేరుగా బ్యాంకులోకి వెళ్తుంది. పెట్టెలో దాని సిమ్ము దానికే ఉంది, అది దాని మానాన చెబుతుంది. ఆయన ఫోను కావలసింది ఆయన ఎవరికైనా పంపాలన్నప్పుడే. పంపవలసింది ఆ సాయంత్రమే అన్న సంగతి ఆయన మరిచిపోలేదు. ముగ్గురికీ కూలి నోట్లుగా చేతికే ఇద్దామనుకున్నారు. కానీ పండగ మూడు రోజులూ కొన్నవాళ్ళలో నోటు తీసినవాళ్ళు పదిమంది కూడా లేరు. సొరుగు తీసి చూస్తే చిల్లర తప్ప ఏమీ లేదు. బ్యాంకుకి సెలవు. మా సందు మొగలో ఉన్న ఏటీఎంలో డబ్బు నిండుకుని అట్ట ముక్క వేలాడుతోంది, రెండోదాని ముందు గుడి ముందున్నంత వరస.

నేను వెళ్ళేసరికి సందులో అడుగు పెట్టడానికి లేదు. డప్పులు ఎక్కడో దూరంగా మోగుతున్నాయి, ఊరేగింపు ఇంకా మావైపు రాలేదు. నా జాకెట్టు అయిందో లేదో అన్న కంగారు నాది. లోపల ముగ్గురూ పని ముగించి, మిషన్లకి బొట్లు పెట్టి, సంచులు సర్దుకుని కూర్చున్నారు. ఇద్దరు అంబాజీపేట నుంచి వచ్చే తోడికోడళ్ళు, రత్నం, నాగమణి. మూడో ఆవిడ సువార్తమ్మ, సఖినేటిపల్లి మనిషి. సువార్తమ్మకి దసరా లేదు, క్రిస్మసు ఉంది. అయినా మిషనుకి బొట్టు పెడుతుంటే గంధం గిన్నె పట్టుకుని పక్కన నిలబడేది.

ఆవిడ ముఖంలో ఆ రోజు ఒక ఆత్రం ఉంది. రేవు దాటి నరసాపురంలో ఒకాయన మోటారున్న కుట్టుమిషను అమ్ముతున్నాడు. ఎనిమిది వేలకి బేరం కుదిరింది. ఆయన పండక్కి ఊరెళ్ళిపోతున్నాడు. ఈ రాత్రికి డబ్బు పంపితే మిషను సువార్తమ్మది, లేదంటే ఇంకొకరికి. సొంత మిషను వస్తే ఇంటి దగ్గరే కుట్టుకోవచ్చు, రోజూ రెండు గంటలు బస్సులో నిలబడక్కర్లేదు. అంటే మావయ్యగారి వెనక గదిలో ఒక మిషను ఖాళీ అవుతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. ఆవిడ చేతి పని కోసం మాలాంటివాళ్ళం వరస కట్టేవాళ్ళం. ఆవిడ వెళ్ళిపోతే నష్టం ఎవరికో ఆయనకి నేను చెప్పక్కర్లేదు.

"సువార్తమ్మకి బస్సు టైమవుతోంది. ఫోను తీసి పంపెయ్యండి నాన్నగారూ" అంది పద్మ.

"ఉద్వాసన చెప్పకుండా తియ్యకూడదమ్మా."

"పోనీ నేను తీస్తాను."

"నువ్వు తీసినా నేను తీసినట్టే."

సువార్తమ్మ వెనకనుంచి, "పర్వాలేదండి బాబాయిగారూ, రేపు..." అనబోయింది. ఆయన చెయ్యెత్తి ఆపేశారు. ఆ మాట ఆవిడ నోట కూడా పూర్తవనివ్వలేదు.

పీట ముందు వంగి ఫోనుని అటునుంచీ ఇటునుంచీ చూశారు. తరవాత అన్నారు, "బొట్టు పెట్టింది ఫోనుకి. లోపలున్న సిమ్ముకి కాదు కదమ్మా. ఫోను కదపకుండా అది తియ్యగలవా?"

లెక్కలు చెప్పేదాన్ని కదా, ఈ వాదనకి నాలో నేనే మార్కులు వేశాను. పద్మ దండం పెట్టుకుని, ఎర్రగుడ్డ మీద వంగి, పిన్నీసు మొనతో ఫోను పక్కనున్న కన్నంలో పొడిచింది. ట్రే బయటికొచ్చింది. సిమ్ము తీసి తన పాత ఫోనులో వేసింది. అందులో యాప్ దింపి, తండ్రి నంబరు కొట్టింది.

అసలు చిక్కు అక్కడ మొదలైంది. ఈ యాప్‌లకి నంబరు చెబితే చాలదు. ఆ నంబరు నిజంగా ఈ ఫోనులోనే ఉందని రుజువు కావాలి. దానికోసం అది ఆ సిమ్ము నుంచి తనంతట తనే ఒక మెసేజి పంపుకుంటుంది. అది అటువైపు చేరితేనే ఈ ఫోనూ ఈ సిమ్మూ ఒకటని నమ్ముతుంది. "మెసేజి పంపుతున్నాం" అని తెర మీద ఒక చక్రం తిరిగింది. చాలాసేపు తిరిగి "కుదరలేదు" అంది. పద్మ మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. ఊరంతా జనం కదా, సిగ్నలు లేదనుకుని రోడ్డు మీదకి పరుగెత్తి, తండ్రి రంగులు చూసే చోటే నిలబడి, చెయ్యి పైకెత్తి నొక్కింది. కుదరలేదు.

"నాన్నగారూ, రీచార్జి ఎప్పుడు చేయించేరు?"

ఆయన ఆలోచించారు. "అన్నీ వస్తున్నాయి కదమ్మా" అన్నారు.

వస్తున్నాయి, నిజమే. ప్యాకు గడువు వారం కిందటే అయిపోయింది. ఎవరైనా ఫోను చేస్తే మోగుతోంది. యాప్ కొట్లోని వైఫై మీద నడుస్తోంది. ఆయన నుంచి బయటికి మాత్రం ఫోన్ కాల్ గానీ మెసేజి గానీ వెళ్ళదు. వెళ్ళవలసిన అవసరం ఆ వారంలో రాలేదు, అందుకే తెలియలేదు. పద్మ పళ్ళు కొరుకుతూ తన ఫోను నుంచి రీచార్జి చేసింది. అయ్యాక మళ్ళీ నొక్కింది. ఈసారి తెర మీద వేరే మాట వచ్చింది. చాలాసార్లు ప్రయత్నించారు, ఇరవై నాలుగు గంటల తరవాత మళ్ళీ ప్రయత్నించండి.

సిమ్ము తీసుకెళ్ళి పాత చోటే, పీట మీద ఫోనులోనే పెట్టింది. ఇక ఆయన కూడా వేలితో తెర తాకనిచ్చారు. యాప్ తెరిస్తే అది వాళ్ళను గుర్తుపట్టలేదు. సిమ్ము బయటికి వెళ్ళొచ్చిందని దానికి తెలిసిపోయింది. మొదటినుంచీ నమోదు చేసుకోండి అంది. నొక్కితే అదే ఇరవై నాలుగు గంటల మాట.

"ఫోనూ సిమ్మూ కలిపి ముడి వేస్తుంది నాన్నగారూ. ఒకటి తీస్తే ముడి ఊడిపోద్ది. ఎవడో మన సిమ్ము కొట్టేసి వాడి ఫోనులో వేసుకుంటే డబ్బంతా లాగేస్తాడు కదా, అందుకని."

"అంటే నన్ను దొంగ అనుకుంటోందా?"

"ఆయ్."

"మంచిదే" అన్నారు. నిజంగానే ఆయనకది నచ్చింది. "జాగ్రత్త గల మనిషి" అన్నారు ఆ యాప్‌ని. నాకు ఒళ్ళు మండింది. ఇంత జరుగుతుంటే మెచ్చుకోలు ఒకటి.

పద్మ ఇంకో కంపెనీ యాప్ కూడా వేసి చూసింది. ఈసారి మెసేజి వెళ్ళింది గానీ, ఏ బ్యాంకులో ఖాతా ఉందో వెతుకుతూ చక్రం తిరిగి తిరిగి, బ్యాంకు పలకడం లేదని చెప్పింది. పండగ రద్దీ. "పలికినా లాభం లేదు. కొత్తగా వేసినరోజు ఐదు వేలు దాటి పంపనివ్వదు" అంది పద్మ, గోడకి ఆనుకుని. రీచార్జి చేశాక తన ఖాతాలో మిగిలింది వందల్లోనే.

ఇదంతా జరుగుతుంటే బేరాలు ఆగలేదు. జనం కొంటున్నారు, గోడమీద స్టిక్కరు స్కాన్ చేస్తున్నారు. పెట్టె "ఐదు వందల రూపాయలు అందాయి" అంటోంది. ఆయన "ఆయ్, అందిందండి" అంటున్నారు. "రెండు వందల ఎనభై రూపాయలు అందాయి." "ఆయ్." డబ్బు వచ్చి పడుతూనే ఉంది. ఆయన కళ్ళముందే, ఆయన పేరు మీదే. అందులోంచి ఒక్క రూపాయి తీసి వెనక గదిలో ఉన్న మనిషికి ఇవ్వలేరు.

నాకు ఉండబట్టలేదు. "నా ఖాతాలో ఉన్నాయి మావయ్యగారూ. సువార్తమ్మకి ఆ ఎనిమిది వేలు నేను పంపుతాను. రేపు సాయంత్రం మీ యాప్ తెరుచుకున్నాక నాకు ఇద్దురుగాని."

ఆయన నావైపు చూసి, "చాలా సంతోషమండి టీచరుగారూ. మీ డబ్బుతో నిలబెడితే అది మీ మాట అవుద్దండి. నాది అవ్వదు కదండీ" అన్నారు. గొంతులో కోపం లేదు. నా ఫోను మళ్ళీ సంచిలో పెట్టేసుకున్నాను.

ఆ తరవాత పెట్టె "నాలుగు వందల రూపాయలు అందాయి" అంది. ఆయన పలకలేదు.

కొట్లో ఉన్నవాళ్ళం అందరం గమనించాం. ఆయనకి చెవుడు రాలేదు, నోట్లో ముద్ద లేదు. చేతిలో ఉన్న గుడ్డ చింపకుండా అలాగే పట్టుకుని నిలబడ్డారు. ఆ పెట్టె మళ్ళీ ఇంకెవరిదో చెప్పింది. అప్పుడూ పలకలేదు. సువార్తమ్మ లేచి సంచి భుజాన వేసుకుంది. ఆయన నోట ఆ మాట రాకముందే వెళ్ళిపోదామని ఆవిడ ఉద్దేశమని నాకు అర్థమైంది. అంత మర్యాద చూసి నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"ఉండు సువార్తమ్మా" అన్నారు ఆయన. తరవాత పద్మ వైపు తిరిగి, నెమ్మదిగా, బడిపిల్లాడు సందేహం అడిగినట్టు అడిగారు. "వీళ్ళు డబ్బు పంపితే ఆ గోడ మీద స్టిక్కరుకే పంపాలా అమ్మా?"

"అంటే?"

"సువార్తమ్మ ఫోనులో కూడా అలాంటి గళ్ళ బొమ్మ ఉంటుందా?"

పద్మ కాసేపు తండ్రి ముఖంలోకి చూసింది. అంతసేపు తొందరపడకుండా ఆ అమ్మాయి నిలబడటం నేను అప్పుడే చూశాను. "ఉంటుంది నాన్నగారూ. అందరికీ ఉంటుంది."

ఆయన భుజం మీది తువ్వాలు తీసి గోడమీద స్టిక్కరుకి కప్పేశారు. సువార్తమ్మని పిలిచి బల్ల ముందు నిలబెట్టారు. ఆవిడ ఫోను తెర మీద ఆవిడ గళ్ళ బొమ్మ తెరిపించి, తెర ఆరిపోకుండా పద్మ చేత ఏదో నొక్కించి, బల్ల మీద నిలబెట్టించారు. పెద్ద గొంతుతో, "ఈ పూట ఇక్కడే స్కాన్ చెయ్యాలండి, దయచేసి" అన్నారు.

మొదటి ఆవిడ స్కాన్ చేసింది. "ఎవరిదో పేరొస్తోందండి. సువార్త అని" అంది అనుమానంగా.

"మీ జాకెట్టు కుట్టింది ఆవిడేనండి. నేను మధ్యలో మనిషిని."

ఆవిడ సువార్తమ్మ వైపు చూసింది. అప్పటిదాకా పది రూపాయలు తగ్గించమని సతాయిస్తున్న మనిషి, మారుమాట్లాడకుండా మొత్తం పంపింది. సువార్తమ్మ ఫోను టింగుమంది. మాట్లాడే పెట్టె ఆయన ఖాతాది కాబట్టి ఇప్పుడు దానికి ఏమీ తెలియదు, ఊరుకుంది. సువార్తమ్మ వంగి తన తెర చూసుకుని, వచ్చిందన్నట్టు తల ఊపింది.

ఆయన గొంతు సవరించుకున్నారు. నిటారుగా నిలబడి, అచ్చం ఆ పెట్టెలాగే, ఒక్కొక్క మాటా విడదీసి, "సువార్తమ్మగారికి. ఆరు వందల ఇరవై రూపాయలు. అందాయి" అన్నారు.

సువార్తమ్మ, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, చాలా చిన్న గొంతుతో, "ఆయ్. అందిందండి" అంది.

అందరం నవ్వాం. ఆ నవ్వులో నేను కళ్ళు తుడుచుకున్నాను, దాచడం ఎందుకు.

ఇక ఒకరి తరవాత ఒకరు. జనం వరసలో నుంచే, "ఇప్పుడెవరికి పంపాలండి?" అని అడగడం మొదలుపెట్టారు. ఒకావిడ పోయిన సంక్రాంతికి కుట్టిన చేతులు బిగుతయ్యాయని నేరుగా సువార్తమ్మనే నిలదీసింది. సువార్తమ్మ అక్కడే చేతివేళ్ళతో కొలిచి, లోపల గుడ్డ వదిలిపెట్టే ఉంచాననీ విప్పుకోవచ్చనీ చెప్పింది. ఇన్నేళ్ళూ ఆ ఫిర్యాదులన్నీ మావయ్యగారు విని, లోపలికి మోసి, మళ్ళీ సమాధానం బయటికి మోసేవారు. ఆవిడ కూలి లెక్క నిండగానే ఆయన ఆ ఫోను తీసి రెండు చేతులా ఆవిడకిచ్చి, "బయల్దేరమ్మా, బస్సు దొరకాలి" అన్నారు. సువార్తమ్మ అక్కడే నిలబడి నరసాపురం మిషనాయనకి ఎనిమిది వేలూ పంపింది. పంపినట్టు తెర ఆయనకి చూపించింది. ఆయన ఆ తెరని ఎండలో కొంగు చూసినంత శ్రద్ధగా చూశారు.

"మంచి మిషనేనా? దారం తెంపదు కదా?"

"తెంపదంటున్నారండి."

"తెంపితే మనది పట్టుకుపో. ఎలాగూ ఖాళీయే కదా."

ఆవిడ వంగి ఆయన కాళ్ళకి దండం పెట్టబోతే ఒప్పుకోలేదు. ఆవిడ వెళ్ళాక రత్నం ఫోను బల్ల ఎక్కింది, తరవాత నాగమణిది. ప్రతిసారీ ఆయనే పెట్టె. ఊరేగింపు సందు మొగలోకి వచ్చి డప్పుల మోతకి ఏమీ వినపడకపోతే, ఆయన ఇంకా గట్టిగా అరిచి చెప్పారు. చివరికి గొంతు బొంగురుపోయింది. ముగ్గురి లెక్కలూ తీరాక తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నారు. స్టిక్కరు మళ్ళీ బయటపడింది. నా జాకెట్టుకి నేను అక్కడే డబ్బు కట్టాను. పెట్టె చెప్పింది. ఆయన గొంతు పెగలక, చెయ్యెత్తారు.

మర్నాడు ఉద్వాసన చెప్పి ఫోను తీసుకున్నారు. ఆ సాయంత్రం యాప్ కూడా బుద్ధిగా తెరుచుకుంది. "ఒక్క క్షణం ఫోను తీసి పంపేసి ఉంటే ఈ తిప్పలన్నీ ఉండేవి కాదు కదండీ" అని తరవాత నేను దెప్పాను. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఆయ్, ఉండేవి కాదండి" అని ఒప్పుకున్నారు. మనిషి ఏమైనా మారారా అంటే, మరుసటి ఏడు కూడా ఫోను పీట మీదే ఉంది, నందివర్ధనం పువ్వుతో సహా. కూలి ఇచ్చే రోజు మాత్రం అష్టమికి జరిగింది.

సువార్తమ్మ ఇంటి దగ్గరే కుడుతోంది. మానెయ్యలేదు. శనివారం శనివారం మూట కట్టుకొచ్చి ఇచ్చి వెళ్తుంది. వెనక గదిలో ఆవిడ మిషను మీద ఆయన ఇంకెవరినీ కూర్చోబెట్టలేదు. దాని మీద లైనింగు గుడ్డలు పేర్చుకున్నారు.

ఆయన పోయాక కొట్టు కొన్నాళ్ళు మూతపడింది. పద్మ మళ్ళీ తెరిచిన మొదటి శనివారం నేను వెళ్ళాను. నిజానికి నాకేమీ అక్కర్లేదు, ఒక ఫాలు కొన్నాను. స్టిక్కరు మారింది, కింద పద్మ పేరుంది. పెట్టె మాత్రం పాతదే, మూల మీద నవమికి ఆయన పెట్టిన బొట్టు ఎండిపోయి ఇంకా ఉంది. సువార్తమ్మ అప్పుడే వచ్చి, బల్లకి అవతల నేలమీద కూర్చుని మూట ముడి విప్పుతోంది. నేను డబ్బు పంపాను.

"తొంభై రూపాయలు అందాయి" అంది పెట్టె.

పద్మ పెట్టె వైపు చూసింది. బల్ల అంచు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నాకూ ఎటు చూడాలో తెలియలేదు.

సువార్తమ్మ తలెత్తలేదు. ముడి విప్పుతూనే, అలవాటుగా, ఆయన అన్నంత మర్యాదగా అంది.

"ఆయ్, అందిందండి."